ముందు అంచనా, తర్వాత లెక్క: బరంపురం అమ్మాయి రఫ్ పేపర్లలో దొరికిన సంగతి

బరంపురంలో మా ఇంటి ముందు గదిలో సాయంత్రం పూట బ్యాంకు, రైల్వే పరీక్షలకు వెళ్లే పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. గంజాం జిల్లాలో ఇటువైపు తెలుగు ఇళ్లు తక్కువేం కాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. మూడు భాషల మధ్య ప్రశ్న అర్థం చేసుకోవడమే సగం పని అని నేను చాలాకాలం అనుకున్నాను. ఈ అమ్మాయి రఫ్ పేపర్లు చూశాక ఆ అభిప్రాయం కొంత మార్చుకోవాల్సి వచ్చింది.

డిగ్రీ అయిపోయిన అమ్మాయి. వాళ్ల నాన్నకు అప్పడాలు, పచ్చళ్ల కొట్టు ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కొట్టు ఆ అమ్మాయే చూసుకుంటుంది, ఐదింటికి నా దగ్గరికి వస్తుంది. ఎక్కాలు బాగా వచ్చు. సూత్రాలు వచ్చు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. మార్కులు మాత్రం రావు.

బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్ పద్ధతిలో ఒక మాక్ టెస్ట్ పెట్టాను. న్యూమరికల్ ఎబిలిటీలో 35 ప్రశ్నలు, 20 నిమిషాలు, ప్రతి ప్రశ్నకూ ఐదు ఆప్షన్లు, తప్పుకు పావు మార్కు కోత. 29 చేసింది. 17 ఒప్పు, 12 తప్పు. అంటే 17లోంచి 3 పోయి 14 మార్కులు. ఇరవై తొమ్మిది ప్రశ్నలు ముట్టుకున్నాక పద్నాలుగేనా అని ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది.

ఆ 12 తప్పులనూ మర్నాడు ఒక్కొక్కటిగా తీసి చూశాను. రెండింటికి సూత్రమే తెలియదు. రెండు ప్రశ్నలు సరిగా చదవలేదు. మూడు చోట్ల జవాబు అసలుకు దగ్గరలోనే ఉంది, చిన్న కూడికలో పొరపాటు. మిగిలిన ఐదూ వేరే రకం. ఆ ఐదు జవాబులనూ లెక్క చేయకుండానే, కేవలం చూసి "ఇది కాదు" అనేయొచ్చు. ఒక మనిషి 12 రోజుల్లో, ఇంకో మనిషి 15 రోజుల్లో చేసే పనిని ఇద్దరూ కలిసి 27 రోజుల్లో చేస్తారని టిక్కు పెట్టింది. ఇద్దరు కలిస్తే పని వెనక్కి నడుస్తుందా? అదే మాట అడిగాను. నవ్వింది. "తెలుసు మాస్టారూ, ఆ టైముకి చూడలేదు" అంది.

"చూడలేదు" అన్న మాట దగ్గర నేను ఆగాను. కొట్లో ఈ అమ్మాయి ఎప్పుడైనా పావు కిలో అప్పడాలకు కిలో డబ్బులు తీసుకుందా? లేదు. ఎవరైనా 340 రూపాయల సరుకు కొని 500 నోటు ఇస్తే 660 తిరిగి ఇచ్చిందా? లేదు. అక్కడ చెయ్యి దానంతటదే ఆగుతుంది. పరీక్షలో ఆగటం లేదు. ఎందుకు?

చివర్లో చూసుకుంటే ఏమవుతుంది

మొదట నేనూ అందరిలాగే చెప్పాను. "జవాబు వచ్చాక ఒక్కసారి చూసుకో అమ్మా, సబబుగా ఉందా లేదా అని." ఆ సలహా పని చేయలేదు. ఎందుకు పని చేయలేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష పెట్టాను.

ఆ ఐదు తప్పుల్లో ఒకటి, 127.5లో 48 శాతం ఎంత అన్నది. ఆ అమ్మాయి దశాంశ బిందువు పక్కన పెట్టి 48ని 1275తో గుణించింది. 61,200 వచ్చింది. అది ఒప్పే. శాతం కోసం రెండు స్థానాలు, దశాంశం కోసం ఒక స్థానం, మొత్తం మూడు స్థానాలు జరపాలి. రెండే జరిపింది. 612 వచ్చింది. ఆప్షన్లలో 612 ఉంది కూడా. ఉండకుండా ఎలా ఉంటుంది? పేపరు తయారుచేసేవాడికి పిల్లలు ఎక్కడ జారతారో తెలుసు. తప్పుదారిలో వెళ్తే వచ్చే అంకెనే ఆప్షన్‌గా పెడతాడు. అందుకే "నా జవాబు ఆప్షన్లలో ఉంది కాబట్టి ఒప్పే" అన్న ధైర్యానికి విలువ లేదు.

ఆ కాగితం ఎదురుగా పెట్టి, "ఇప్పుడు ఉజ్జాయింపుగా చెప్పు, ఎంత ఉండాలి?" అన్నాను. "ఆరు వందలు అటూఇటూగా" అంది. 612ని చూస్తూ 600 అంది! ఐదు ప్రశ్నలకూ ఇలాగే అడిగితే నాలుగింటికి తన తప్పు జవాబు పక్కనే ఉన్న అంకె చెప్పింది. అంచనా వేయడం రాక కాదు. కళ్ల ముందు ఒక జవాబు కూర్చుని ఉంటే మనసు దాని చుట్టూనే తిరుగుతుంది.

వారం ఆగి అవే ఐదు ప్రశ్నలను అంకెలు కొంచెం మార్చి, ఆప్షన్లు తీసేసి, కొత్త కాగితం మీద ఇచ్చాను. లెక్క చేయొద్దు, ఉజ్జాయింపు మాత్రం చెప్పమన్నాను. ఐదూ సరైన చోటికే చెప్పింది. శాతం లెక్కకు, "సగం కంటే కొంచెం తక్కువ కాబట్టి అరవై, ఆ లోపే" అంది.

అప్పటి నుంచి ఒక్కటే నియమం పెట్టుకున్నాం. అంచనా లెక్కకు ముందే వేయాలి, మనసులో కాకుండా రఫ్ పేపరు ఎడమ అంచున రాయాలి. మనసులో అనుకున్నది లెక్క పూర్తయ్యేసరికి మారిపోతుంది, మారినట్టు మనకే తెలియదు. కాగితం మీద ఉన్నది మారదు.

అంకె పక్కన బాణం

ఉత్త అంకె రాస్తే చాలదని రెండు రోజుల్లోనే తెలిసింది. అంకె పక్కన ఒక బాణం కూడా కావాలి. అసలు జవాబు ఈ అంకెకు పైన ఉంటుందా, కింద ఉంటుందా అన్నది ఆ బాణం చెబుతుంది. శాతం లెక్కకు "64↓" అని రాస్తుంది. 127.5లో సగం 64కి అటూఇటూగా, 48 శాతం సగం కంటే తక్కువ, కాబట్టి కిందికి.

రైలు లెక్క చూడండి. 240 మీటర్ల రైలు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది. 360 మీటర్ల ప్లాట్‌ఫారాన్ని ఎన్ని సెకన్లలో దాటుతుంది? ఆప్షన్లు 8, 12, 18, 30, 43. మొదటి మాక్‌లో ఈ అమ్మాయి 600ని 72తో భాగించి 8 పెట్టింది. కిలోమీటర్లను మీటర్లలోకి మార్చలేదు. 

ఇలాంటివాటికి ఒక కొలత మనసులో ఉంటే చాలు. గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికి ఒక కిలోమీటరు. విశాఖ వైపు వెళ్లే బండిలో ఇచ్ఛాపురం దాటాక కిటికీ పక్కన కూర్చుని పట్టాల పక్క కిలోమీటరు రాళ్లు, చేతి గడియారం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఆ వేగంతో 600 మీటర్లకు 36 సెకన్లు. మన రైలు 72తో వెళ్తోంది, అంటే ఇంకా త్వరగా. కాబట్టి "36↓". 43 పోయింది. మరీ కిందికీ పోలేదు, ఎందుకంటే వేగం రెట్టింపు అయితేనే కాలం 18 అవుతుంది. 72 అంటే 60కి రెట్టింపు కాదు. 8, 12, 18 మూడూ పోయాయి. మిగిలింది 30. ఇక్కడ లెక్క చేయాల్సిన పనే పడలేదు. చేసినా సెకనుకు 20 మీటర్ల లెక్కన 600కి 30 సెకన్లే వస్తుంది. 12, 18 అన్న ఆప్షన్లు ఎక్కడివో గమనించారా? ఉత్త రైలు పొడవు తీసుకుంటే 12, ఉత్త ప్లాట్‌ఫారం పొడవు తీసుకుంటే 18.

పని, రోజుల లెక్కలో ఇంకా తేలిక. 12 రోజులవాడు, 15 రోజులవాడు కలిసి చేస్తున్నారు. ఇద్దరూ 12 రోజులవాళ్లే అయితే 6 రోజుల్లో అయిపోతుంది. ఇద్దరూ 15 రోజులవాళ్లే అయితే ఏడున్నర రోజులు. ఒకడు అటు, ఒకడు ఇటు కాబట్టి జవాబు 6కీ ఏడున్నరకీ మధ్య ఎక్కడో ఉండాలి. ఆప్షన్లు 5⅓, 6⅔, 7½, 13½, 27. మధ్యలో ఉన్నది ఒక్కటే. 27 అన్నది రెండూ కూడితే వచ్చింది, 13½ అన్నది సగటు తీస్తే వచ్చింది. ఈ లెక్క చెప్పినప్పుడు ఆ అమ్మాయి కాసేపు కాగితం వైపు చూసి, "మరి నాకు సూత్రం ఎందుకు మాస్టారూ" అంది. ఆప్షన్లు 6½, 6⅔, 6¾ అని ఇస్తే ఎందుకో తెలుస్తుందన్నాను.

నేను చెప్పదలచుకున్న రెండో సంగతి ఇదే. అంచనా ఎంత సన్నగా ఉండాలో ఆప్షన్ల మధ్య దూరం చెబుతుంది. అందుకని ప్రశ్న చదవగానే ఆప్షన్ల మీద ఒక చూపు వేయమన్నాను, జవాబు ఏరుకోవడానికి కాదు, దూరం చూడటానికి. దూరంగా ఉంటే మొరటు అంచనా చాలు. పక్కపక్కనే ఉంటే అంచనా కోసం టైము వృథా చేయకుండా నేరుగా లెక్కలోకి దిగాలి.

ఈ రెండింటి మధ్యలో పడే లెక్కలు కొన్ని ఉంటాయి. పట్టుచీర లెక్క అలాంటిది. కొట్టువాడు కొన్న ధర మీద 40 శాతం పెంచి చీటీ అంటించాడు. దాని మీద 25 శాతం తగ్గించి 6,300కి అమ్మాడు. కొన్న ధర ఎంత? ఆప్షన్లు 4,500, 5,478, 6,000, 6,615, 7,245.

ఈ అమ్మాయి మొదటిసారి 6,615 పెట్టింది. లాభ శాతం 5 అని సరిగానే కనిపెట్టి, ఆ 5 శాతాన్ని 6,300 మీద కూడింది. ఇప్పుడు బాణంతో చూస్తే, కొట్టువాడికి లాభం వచ్చింది, కాబట్టి కొన్నది అమ్మినదానికంటే తక్కువ. "6300↓". 6,615, 7,245 ఎగిరిపోయాయి. మిగిలిన మూడింటినీ బాణం విడదీయలేదు. 5,478 చూడటానికి ఎంతో సబబుగా ఉంది. అది 40లోంచి 25 తీసేసి, లాభం 15 శాతం అనుకున్నవాళ్ల కోసం పెట్టిన వల.

ఇక్కడ ఇంకో అడుగు వేయాలి. వంద రూపాయల చీర అనుకుందాం. చీటీ మీద 140. తగ్గింపు 140 మీద, వంద మీద కాదు. 140లో పావు 35. అంటే అమ్మింది 105కి. లాభం వందకు ఐదే. 6,300లో ఐదు శాతమంటే మూడు వందల చిల్లర, అంత మేర కిందికి దిగితే 6,000 దగ్గర ఆగుతాం. 5,478కి చేరాలంటే ఎనిమిది వందలకు పైగా దిగాలి. మొదటి బాణం రెండు ఆప్షన్లను కొట్టేసింది, రెండో అడుగు ఇంకో రెండింటిని. ఇది అంచనానా, లెక్కా అని అడిగితే నా దగ్గర కచ్చితమైన జవాబు లేదు. గీత అక్కడ పలచబడుతుంది.

మార్కులు తగ్గిన వారం

కొత్త పద్ధతితో వారం తర్వాత పెట్టిన మాక్‌లో మార్కులు పెరగలేదు. 22 చేసింది, 15 ఒప్పు, 7 తప్పు. 13.25 మార్కులు. ముందున్న 14 కంటే తక్కువ. "ఇవన్నీ రాయకముందే బాగుంది" అని మొహం మీదే అంది. తప్పు పట్టడానికి లేదు. 20 నిమిషాల్లో 35 ప్రశ్నలంటే ఒక్కోదానికి 34 సెకన్లు. ప్రతి ప్రశ్నకూ అంచనా రాయడానికి ఐదు సెకన్లు పోతే మొత్తం దాదాపు మూడు నిమిషాలు. అంటే ఐదు ప్రశ్నలు చేతులారా వదులుకున్నట్టే.

రఫ్ పేపరు చూస్తే ఎక్కడ పోయిందో కనబడింది. నంబర్ సిరీస్‌కు కూడా అంచనా రాసింది. 15 వర్గం ఎంత అన్నచోట కూడా "200↑" అని రాసింది. 225 అని నోటికి వచ్చినదానికి అంచనా దేనికి? అప్పుడు నియమాన్ని కుదించాం. దశాంశాలు, శాతాలు, ప్రమాణాలు మార్చాల్సినవి, మాటల్లో ఇచ్చిన లెక్కలు, వీటికి మాత్రమే అంచనా. మిగిలినవి నేరుగా. 35లో పన్నెండు పదమూడు ప్రశ్నలకు మించి బాణం పడకూడదు.

లెక్క ఒకటి, అంచనా ఒకటి చెబితే

మూడు వారాలపాటు ఒక నోటు పుస్తకంలో, అంచనాకూ లెక్కకూ పొంతన కుదరని ప్రతి ప్రశ్ననూ రాయించాను. 27 వచ్చాయి. ఆ 27లో లెక్క తప్పినవి 18. అంచనా తప్పినవి 7. రెండూ తప్పినవి 2.

నేను ఆ 7 దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాను. పొంతన కుదరకపోతే లెక్కే తప్పు అని నేను కూడా పిల్లలకు చెబుతూ వచ్చాను. అది నిజం కాదు. ఒక ఉదాహరణ ఇస్తాను. ఒక సంఖ్యలో 15 శాతం 90 అయితే, అదే సంఖ్యలో 40 శాతం ఎంత? ఈ అమ్మాయి అంచనాలో "36" అని రాసింది. 90లో 40 శాతం అనుకుంది. తర్వాత లెక్క సరిగ్గా చేసి 240 తెచ్చింది. అంచనా చూసి భయపడి, 240ని కొట్టేసి, మళ్లీ మొదలుపెట్టి, మూడోసారి వదిలేసింది. ఒప్పు జవాబును అంచనాయే చెడగొట్టింది.

15 శాతమే 90 అయినప్పుడు 40 శాతం అంతకు రెండింతలు దాటాలి. "180↑" అని రాయాల్సిన చోట 36 రాసింది. శాతం దేని మీద అన్నది పట్టించుకోకుండా చేతికి దొరికిన అంకె మీద వేసేసింది. ఆ ఏడింటిలో నాలుగు ఇదే బాపతు.

అందుకని పొంతన కుదరనప్పుడు ఏం చేయాలో మార్చాను. అదే లెక్క మళ్లీ చేయొద్దు. మళ్లీ చేస్తే అదే దారిలో అదే గుంటలో పడతాం. ప్రశ్నలో చివరి వాక్యం మళ్లీ చదవాలి. ఏది అడిగాడు, దేని మీద శాతం, ఏ ప్రమాణంలో కావాలి. ఆ పది సెకన్లలో తేలకపోతే గుర్తు పెట్టి ముందుకు పోవాలి. ఇది వచ్చాక ఆ అమ్మాయి ఒకే ప్రశ్న మీద రెండు నిమిషాలు కూర్చోవడం బాగా తగ్గింది.

అంచనా మోసం చేసిన చోట్లు

47ని 38తో గుణించాలి. ఆప్షన్లు 1,786, 1,826, 1,886, 1,956, 2,006. ఈ అమ్మాయి 50 ఇంటూ 40, రెండు వేలు అని రాసి, లెక్క కూడా చేయకుండా దగ్గరలో ఉన్న 2,006 పెట్టేసింది. నియమం ప్రకారం బాణం "2000↓" అని పడాలి, ఎందుకంటే రెండింటినీ పైకే జరిపాం. బాణం వేయలేదు. వేసి ఉంటే 2,006 ముందే పోయేది. 

రెండింటినీ ఒకే వైపు జరిపితే తప్పు పెరుగుతుంది. ఇక్కడ అసలు 1,786 అయితే 2,000 అన్నది పన్నెండు శాతం ఎక్కువ. ఒకదాన్ని పైకి, ఇంకోదాన్ని కిందికి జరిపి 45 ఇంటూ 40 అంటే 1,800. చాలా దగ్గర. అయినా 1,786కీ 1,826కీ మధ్య ఇది తీర్పు చెప్పలేదు. ఒకట్ల స్థానం చూద్దామా అంటే అన్నీ 6తోనే ముగిశాయి, కావాలనే. ఇలాంటిచోట అంచనాను పక్కన పెట్టి, 47 నలభైలు 1,880, అందులోంచి రెండు 47లు 94 పోతే 1,786 అని చేసేయడమే త్వరగా అవుతుంది. నమ్మకం కుదరకపోతే అంకెలు కూడి చూడొచ్చు. 47లో 4, 7 కలిపితే 11, మళ్లీ కలిపితే 2. 38 కూడా అలాగే 2. రెండు రెళ్లు 4. 1,786 అంకెలన్నీ కలిపితే 22, అంటే 4. మిగిలిన నాలుగు ఆప్షన్లలో ఒక్కదానికీ 4 రాదు. ఇది అంచనా కాదు, వేరే రకం తనిఖీ. అంచనా చూడలేని చోట ఇది చూస్తుంది. అంకెలు తారుమారై 1,876 అయితే మాత్రం ఇది కూడా పట్టుకోలేదు, మొత్తం అదే కదా.

రెండో మోసం చక్రవడ్డీలో ఎదురైంది. 8,000 రూపాయలకు 15 శాతం చొప్పున రెండేళ్లకు బారువడ్డీ, చక్రవడ్డీల తేడా ఎంత? బారువడ్డీ 2,400 సులువుగా వచ్చింది. చక్రవడ్డీ "2,500 చిల్లర" అని అంచనా వేసి, తేడా "100" అని రాసింది. అసలు చక్రవడ్డీ 2,580, తేడా 180. చక్రవడ్డీ అంచనాలో తప్పు 80 రూపాయలే, మూడు శాతానికి కొంచెం ఎక్కువ. పెద్ద అంకెలో అది కనబడదు. తేడాకి వచ్చేసరికి అదే 80 రూపాయలు దాదాపు సగం జవాబును మింగేశాయి. దగ్గరగా ఉన్న రెండు పెద్ద అంకెల తేడా అడిగినప్పుడు ఆ రెండింటినీ విడివిడిగా అంచనా వేయకూడదు. తేడా ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. మొదటి ఏడాది వడ్డీ 1,200. రెండో ఏడాది ఆ వడ్డీ మీద పడే వడ్డీయే తేడా. 1,200లో పది శాతం 120, అందులో సగం 60, మొత్తం 180. అంచనా వేయబోతే జవాబే వచ్చేసింది.

మూడోది ఈ అమ్మాయికే ప్రత్యేకం, కానీ మా వైపు పిల్లల్లో ఇంకొందరిలోనూ చూశాను. చిన్నప్పుడు ఒడియా అంకెలు రాసిన చెయ్యి. ఒడియా నాలుగు చూడటానికి తల దగ్గర విడిపోయిన ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది. తొందరలో రఫ్ పేపరు మీద ఆ నాలుగే పడుతుంది. కింది వరుసలోకి వచ్చేసరికి తన నాలుగునే తను ఎనిమిదిగా చదువుకుంటుంది. 432ని 18తో భాగించబోయి 832ని భాగించింది. ముందే "20↑, 30 దాటదు" అని రాసుకుంది కాబట్టి 46 రాగానే ఆగింది, దొరికింది. అదే రోజు 324ని 328గా చదివి 5తో గుణించి 1,620 బదులు 1,640 పెట్టింది. అంచనా "1600↑" ఉంది. 1,640 దానితో చక్కగా పొసిగింది. దొరకలేదు. మొదటి అంకెలో జరిగిన తప్పును అంచనా పట్టుకుంటుంది, చివరి అంకెలో జరిగినదాన్ని పట్టుకోలేదు. దానికి మందు నాలుగును ఇంగ్లీషులో రాయడం నేర్చుకోవడమే. రెండు వారాలు రోజుకో పేజీ నాలుగులు రాయించాను. డిగ్రీ చదివిన పిల్లతో అంకెలు దిద్దించడం చూసి మా ఆవిడ నవ్వింది.

టైము లేనప్పుడు

చివరి రెండు నిమిషాల్లో మిగిలిపోయిన ప్రశ్నల సంగతి. ఐదు ఆప్షన్లు, పావు మార్కు కోత ఉన్నప్పుడు గుడ్డిగా పెడితే లాభం లేదు, నష్టం లేదు. ఐదుసార్లు పెడితే సగటున ఒకటి తగిలి ఒక మార్కు వస్తుంది, నాలుగు తప్పి ఒక మార్కు పోతుంది. సున్నా. అంచనాతో రెండు ఆప్షన్లు కొట్టేసి మిగిలిన మూడింటిలో పెడితే, మూడుసార్లకు ఒక మార్కు వచ్చి అర మార్కు పోతుంది. సగటున ఒక్కో ప్రశ్నకు ఆరో వంతు మార్కు మిగులు. రైల్వే పరీక్షల్లో నాలుగు ఆప్షన్లు, మూడో వంతు కోత. అక్కడా గుడ్డిగా పెడితే సున్నాయే. రెండు కొట్టేయగలిగితే ప్రశ్నకు మూడో వంతు మిగులు.

కాగితం మీద ఇది బాగుంటుంది. నాకు ఒక అనుమానం ఉంది. మనం కొట్టేసేవి అసంబద్ధమైనవి. మిగిలేవాటిలో ఒప్పు జవాబుతోపాటు చీర లెక్కలోని 5,478 లాంటివి ఉంటాయి. అక్కడ మన ఎంపిక గుడ్డిగా ఉండదు, ఆ వల వైపే చెయ్యి లాగుతుంది. కాబట్టి మూడింట ఒకటి తగులుతుందన్న లెక్క అంత నమ్మదగ్గది కాదు. ఈ అమ్మాయికి నేను చెప్పింది, మూడు కొట్టేయగలిగితేనే పెట్టు, రెండే పోతే వదిలెయ్ అని. లెక్కల ప్రకారం ఇది మరీ జాగ్రత్తే. ఆ అమ్మాయికి టెన్షన్ ఎక్కువ కాబట్టి అలా చెప్పాను, ఇంకొకరికి వేరేలా చెబుతాను.

ఆరో వారం

ఆరో వారం మాక్‌లో 26 చేసింది. 22 ఒప్పు, 4 తప్పు. 21 మార్కులు. మొదటిసారి కంటే మూడు ప్రశ్నలు తక్కువ ముట్టుకుని ఏడు మార్కులు ఎక్కువ తెచ్చుకుంది. మొత్తం అంచనా పుణ్యమే అనడానికి లేదు. ఆ ఆరు వారాల్లో తెలియని సూత్రాలు నేర్చుకుంది, వర్గాలు 30 దాకా బట్టీ పట్టింది, ఇంగ్లీషు నాలుగు రాయడం మొదలుపెట్టింది. అంచనా వల్ల వచ్చింది ఎంతో చూడాలంటే రఫ్ పేపరే చూడాలి. పదకొండు చోట్ల బాణాలున్నాయి. మూడు చోట్ల బాణం చూసి లెక్క కొట్టేసి మళ్లీ చేసింది, మూడూ ఒప్పయ్యాయి. నాలుగు చోట్ల లెక్కే లేదు, అంచనాతోనే పెట్టింది, నాలుగూ ఒప్పే. నాలుగు తప్పుల్లో ఒక్కటి కూడా చూడగానే "ఇదేంటి" అనిపించేది కాదు. రెండు చివరి అంకె తప్పులు, ఒకటి సూత్రం మరిచిపోవడం.

నాలుగోది 48 మంది సగటు వయసు లెక్క. ఎడమ అంచున బాణం ఉంది, లెక్క ఉంది, రెండూ పొసిగాయి. మధ్యలో ఒక 48 మాత్రం కింది వరుసలో 88 అయి కూర్చుంది, తర్వాతి వరుసలో మళ్లీ 48 అయింది. ఎలా మారిందో తనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. నాలుగుల పేజీలు ఇంకో వారం రాయమన్నాను.